మూడు నిమిషాల్లో శెనక్కాయ అధ్యాయం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను పరిశోధనను పదిమందికీ అర్థమయ్యేలా చెప్పడం గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం జోలికి పోను. నేల శాస్త్రం చెప్పుకునేవాణ్ణి కాబట్టి, నా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి తన సిద్ధాంత గ్రంథంలోని ఒక అధ్యాయాన్ని మూడు నిమిషాల ప్రసంగంగా ఎలా మార్చుకుందో చెబుతాను. అధ్యాయం అరవై రెండు పేజీలు. పట్టికలు పద్నాలుగు. విషయం మన చిత్తూరు జిల్లాలో ఎవరికీ పరిచయం చేయనక్కరలేని శెనక్కాయ.

ఈ మూడు నిమిషాల పోటీ ఎక్కడ పుట్టిందో ముందు చెప్పాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైంది. అప్పట్లో ఆ రాష్ట్రంలో గట్టి కరువు. నీళ్లు పొదుపు చేయడానికి స్నానం ఎంతసేపు చేస్తున్నారో చూసుకోమని చెబితే, జనం స్నానాల గదుల గోడలకు మూడు నిమిషాల ఇసుక గడియారాలు తగిలించుకున్నారట. అది చూసి అక్కడి గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్ అలన్ లాసన్ గారికి, పరిశోధన కూడా ఈ కొలతలో చెప్పించవచ్చు కదా అనిపించింది. కరువులోంచి పుట్టిన పద్ధతి కాబట్టి మన రాయలసీమవాళ్లకు పరాయిది కాదు. ఆ పోటీలో కదలికలు లేని ఒకే ఒక్క స్లైడు చూపాలి. మూడు నిమిషాలు దాటితే పోటీలోంచి తీసేస్తారు. మా అమ్మాయి మాట్లాడాల్సిన చోట మాత్రం మూడు స్లైడ్లు ఒప్పుకున్నారు. ఆ సభకు రైతులు కూడా వస్తారన్నారు.

మొదట ఆమె అధ్యాయం మొత్తాన్ని కుదించుకొని వచ్చింది. పీఠికకు రెండు వాక్యాలు, పూర్వ పరిశోధనలకు రెండు, పద్ధతికి నాలుగు, ఒక్కో పట్టికకు ఒక్కో వాక్యం. చదివితే నాలుగున్నర నిమిషాలు పట్టింది. వేగంగా చదివితే సరిపోతుందేమో సార్ అంది. నేను గడియారం పెట్టి చూసినంతలో, వినేవాడికి అందేలా తెలుగులో నిమిషానికి తొంభై మాటలకు మించి చెప్పలేం. మన మాటలు పొడుగు. ఇంగ్లిషులో నూట ముప్ఫై చెప్పగలిగినచోట మనకు తొంభయ్యే. స్లైడు మారినప్పుడు జనం దాన్ని చూసేందుకు కొంచెం ఆగాలి కూడా. అంటే రాసుకోవాల్సింది రెండు వందల యాభై మాటల లోపే.

అందుకని కుదించడం మానేసి వేరే పని చేశాం. పద్నాలుగు పట్టికలూ బల్ల మీద పరిచి, "ఇందులో ఏది తీసేస్తే నీ అధ్యాయం కూలిపోతుందో అదొక్కటే చూపించమ్మా" అన్నాను. చెట్టు ఎత్తు, ఎండు బరువు, ఊడల లెక్క, నూనె శాతం, అన్నీ పక్కకు పోయాయి. చివరికి తొమ్మిదో పట్టిక మిగిలింది. వేర్లు ఒక అరలో, కాయలు ఇంకో అరలో ఉండేలా చేసిన కుండీల్లో, కాల్షియం ఎక్కడ ఇస్తే గింజ నిండిందన్నదే ఆ పట్టిక. మిగతా పదమూడూ దానికి సాక్షులే. సాక్షులందరినీ మూడు నిమిషాల్లో బోను ఎక్కించలేం.

తర్వాత స్లైడ్ల పని. ఒక స్లైడుకు ఒకే సంగతి అంటే, ఒకే బొమ్మ అని కొందరు అనుకుంటారు. ఒక్క బొమ్మలోనే నాలుగు సంగతులు దూర్చవచ్చు. నేను చూసే గుర్తు ఇది: ఆ స్లైడు ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో చెప్పమనాలి. వాక్యం మధ్యలో "ఇంకా" అనో "అలాగే" అనో వచ్చిందంటే అవి రెండు స్లైడ్లు. ఆమె రెండో స్లైడులో నాలుగు కుండీలున్నాయి: రెండు అరల్లోనూ కాల్షియం ఇచ్చినది, ఎక్కడా ఇవ్వనిది, వేర్లకే ఇచ్చినది, కాయలకే ఇచ్చినది. కింద కడ్డీల పటం. జనం అది చదువుకుంటూ కూర్చుంటారు, ఆమె మాట వినరు. మొదటి రెండు కుండీలూ, పటమూ తీసేశాం. అయితే శాస్త్రంలో ఆ రెండు కుండీలు లేకుండా మిగతా రెండింటికీ విలువ లేదు, పోల్చడానికి అవే ఆధారం. అందుకని వాటిని పారేయలేదు. మూడో స్లైడు తర్వాత విడిగా పెట్టుకుంది, ఎవరైనా అడిగితే చూపడానికి. ప్రసంగంలోంచి తీయవలసినవి తీయవచ్చు గానీ, ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు చేతిలో లేకుండా ఉండకూడదు.

మాటల దగ్గర ఒక చిక్కు వచ్చింది. కాల్షియం అంటే ఊళ్లో అర్థం కాదని "సున్నం" అని రాసుకుంది. వాళ్ల ఊళ్లో ఒక పెద్దాయనకు చదివి వినిపిస్తే, ఆయన అంతా శ్రద్ధగా విని, "అయితే పాపా, గోడకు కొట్టే సున్నం చేనికి చల్లమంటావా?" అన్నాడట. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. పొరపాటున ఎవరైనా అలా చల్లితే పంటకు చేటు. తేలిక మాట అనుకున్నది తప్పుదారి పట్టిస్తే, తెలియని మాటే నయం. కాల్షియం అనే ఉంచి, అదేం చేస్తుందో చూపిస్తే సరిపోయింది. ఇలా విషయం తెలియనివాళ్లకు వినిపించి, "నేనేం చెప్పానో మీరు ఒక్క ముక్కలో చెప్పండి" అని అడగడం అన్నిటికన్నా పనికొచ్చింది. అర్థమైందా అని అడిగితే అందరూ తలూపుతారు.

చివరికి ఆమె చెప్పిన పాఠం ఇది. ఆమె అనుమతితోనే చదువుతున్నాను.

(మొదటి స్లైడు: పీకిన శెనక్కాయ చెట్టు. పైన పచ్చటి ఆకులు, కింద పగలదీసిన లొట్ట కాయలు. అక్షరాలు లేవు.)

"ఒక ఏడాది మా నాయన చేనులో శెనక్కాయ చెట్లు పచ్చగా, గుబురుగా పెరిగాయి. చూసినవాళ్లంతా ఈసారి పంట మీదే అన్నారు. పీకితే కాయలున్నాయి. ఒలిస్తే గింజల్లేవు. పైన అంత బాగున్న చెట్టు, కింద కాయను ఎందుకు పస్తు పెట్టింది?

శెనక్కాయ పువ్వు నేలపైన పూస్తుంది, కాయ నేలలోపల కాస్తుంది. పువ్వు వాడాక ఊడ దిగి, మట్టిలోకి దూరి, కాయవుతుంది. గింజ నిండాలంటే కాల్షియం కావాలి. వేర్లు పీల్చిన కాల్షియం నీళ్లతోపాటు ఆకులకు ఎక్కుతుంది. ఆకుల్లో నీరు ఆవిరయ్యేకొద్దీ కిందినుంచి నీళ్లు పైకి వస్తూనే ఉంటాయి. అలా ఎక్కిన కాల్షియం మళ్లీ కిందికి దిగిరాదు. మట్టిలో ఉన్న కాయలోంచి నీళ్లు ఆవిరి కావు. కాబట్టి ఆ నీళ్ల బండి కాయ దగ్గర ఆగదు."

(రెండో స్లైడు: గీతబొమ్మ. రెండు కుండీలు, ఒక్కో కుండీకి రెండు అరలు.)

"కాయ తన కాల్షియం తానే మట్టిలోంచి పీల్చుకుంటుందని 1949లోనే అమెరికాలో చూపించారు. మన ఎర్ర ఇసుక నేలలో అది ఎంత తేడా చేస్తుందో నేను చూశాను. కుండీని రెండు అరలు చేశాను. ఒక అరలో వేర్లు, ఇంకో అరలో ఊడలు. ఒక కుండీలో కాల్షియం వేర్లకే ఇచ్చాను. చెట్టు పచ్చగా ఉంది, కాయలు లొట్టపోయాయి. ఇంకో కుండీలో కాయలకే ఇచ్చాను. గింజలు నిండాయి."

(మూడో స్లైడు: చెట్టు మొదట్లో జిప్సం చల్లుతున్న చెయ్యి.)

"అందుకే జిప్సం వేసేది చెట్టుకు కాదు, కాయకు. ఊడలు దిగే చోట, ఊడలు దిగే వేళకు వేయాలి. నేను చూసింది కుండీల్లో. కాల్షియం ముందే దండిగా ఉన్న నేలలో ఈ తేడా కనిపించకపోవచ్చు. వచ్చే పంటకు మా నాయన చేనులోనే చూడబోతున్నాను."

ఇంతే. నిదానంగా చెబితే, ఆగాల్సినచోట ఆగితే, గంట కొట్టేలోపు కొంత సమయం మిగిలింది.

ఇందులో రెండు వాక్యాల కోసం మా ఇద్దరికీ కాస్త వాదన జరిగింది. 1949 మాట తీసేస్తే కొన్ని సెకన్లు మిగులుతాయి కదా సార్ అంది. ఆ వాక్యం లేకపోతే, బ్లెడ్సో, కోమార్, హారిస్ అనే ముగ్గురు రేడియోధార్మిక కాల్షియం పెట్టి కనిపెట్టిన సంగతి ఈ అమ్మాయే కనిపెట్టిందని సభ అనుకుంటుంది. వాళ్ల పేర్లు చెప్పకపోయినా పరవాలేదు, సంవత్సరం చెప్పాల్సిందే అన్నాను. రెండోది కుండీల మాట. ముగింపులో అది పెడితే బిగువు తగ్గుతుందని ఆమె భయం. కానీ ముందు వరుసలో కూర్చున్న రైతు మర్నాడు బస్తాలు కొనబోతాడు. అతని నేలలో కాల్షియం దండిగా ఉంటే ఆ డబ్బు వృథా. ఆ ఒక్క వాక్యం ఉంటేనే అతను ముందు భూసార పరీక్ష చేయించుకుంటాడు.

ఎకరాకు ఎంత వేయాలో ప్రసంగంలో లేదని మీలో కొందరు గమనించే ఉంటారు. 200 కిలోలు అన్నది మన వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు, ఆమె అధ్యాయంలో తేలిన లెక్క కాదు. అందుకే అడిగితేనే చెప్పమన్నాను.

అడిగారు కూడా. వెనక వరుసలోంచి ఒక రైతు లేచి, "విత్తేటప్పుడే దుక్కిలో వేసేస్తే ఒక పని తగ్గుతుంది కదమ్మా?" అన్నాడు. ఆమె మూడో స్లైడుకే వెనక్కి వెళ్లి, ఆ చెయ్యి బొమ్మ చూపిస్తూ చెప్పింది: "కాయలు ఉండేది పై మూడు నాలుగు అంగుళాల మట్టిలో అన్నా. లోతుగా దున్ని కలిపితే జిప్సం కాయల కిందికి పోతుంది. ఇసుక నేలలో వానకు ఇంకా దిగిపోతుంది. నలభై, నలభై ఐదు రోజులప్పుడు, రెండో కలుపు తీసేటప్పుడు, తడి ఉన్నప్పుడు మొదట్లో చల్లి మట్టి ఎగదోయండి. తడి లేకపోతే అది కరగదు, కాయకు అందదు. ఆ తర్వాత మాత్రం గుంటక తోలొద్దు, ఊడలు తెగిపోతాయి."