మడమ నొప్పి వస్తే నడక తగ్గించండి, కదలిక మానొద్దు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



బరువు తగ్గాలని పొద్దున్నే నడవడం మొదలుపెట్టి, రెండు మూడు నెలలకు మడమ నొప్పితో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు చాలామంది. వాళ్లలో కొందరు నొప్పి ఓర్చుకొని నడుస్తూనే ఉంటారు. కొందరు పూర్తిగా మానేసి మంచం పడతారు. ఈ రెండూ కాని దారి ఒకటి ఉంది. ఈరోజు దాని గురించే చెప్తాను.

ముందు ఈ నొప్పి ఏమిటో తెలుసుకుందాం. మన అరికాలి కింద మడమ ఎముక నుంచి కాలి వేళ్ల దాకా ఒక గట్టి పట్టీ ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ అది సాగుతుంది. అలవాటు లేని కాలికి ఒక్కసారిగా ఎక్కువ నడక పెడితే మడమ దగ్గర ఆ పట్టీ దెబ్బతింటుంది. దీన్నే డాక్టర్లు ప్లాంటార్ ఫాసియైటిస్ అంటారు. గుర్తు పట్టడం తేలిక. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు గుచ్చినట్టు ఉంటుంది. పది అడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది. చాలాసేపు కూర్చొని లేచినా, సాయంత్రం అలసిపోయినా మళ్లీ వస్తుంది. అరికాలి వైపు మడమ ముందు భాగంలో, లోపలి పక్క బొటనవేలితో నొక్కితే చుర్రుమంటుంది.

ఎక్స్‌రేలో "ఎముక పెరిగింది" అని రాస్తే చాలామంది భయపడతారు. నొప్పి లేనివాళ్ల మడమల్లో కూడా ఆ ఎముక కనిపిస్తుంది. కాబట్టి ఆ మాట చూసి ఆపరేషన్ అనుకోకండి.

ఇప్పుడు ఒకామె సంగతి చెప్తాను. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. వయసు 46, బరువు 70 కిలోలు. మొదట రోజుకు 15 నిమిషాలు నడిచేది. అందరూ మెచ్చుకుంటుంటే రెండు వారాల్లో 40 నిమిషాలకు పెంచేసింది. అది కూడా సిమెంటు రోడ్డు మీద, అరిగిపోయిన హవాయి చెప్పులతో. తర్వాత బడికి వెళ్లి గచ్చు మీద వట్టి కాళ్లతో మూడు గంటలు నిలబడేది. రెండో నెలలో మడమ పట్టేసింది. "నడక ఆపితే తగ్గిన బరువంతా వచ్చేస్తుంది మేడమ్" అని ఏడ్చింది.

మనం సంఘంలో లెక్కలు రాసుకునే వాళ్లమే కదా, ఇది కూడా లెక్క కట్టాం. 70 కిలోల మనిషి 40 నిమిషాలు నడిస్తే సుమారు 160 క్యాలరీలు ఖర్చవుతాయి. ఒంట్లో ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 క్యాలరీలు. అంటే తిండి మార్చకుండా నడక ఒక్కదానితో కిలో తగ్గాలంటే సుమారు 48 రోజులు పడుతుంది. నెల రోజులు నడక ఆగితే నష్టం అర కిలో కన్నా కొంచెం ఎక్కువ, అంతే. అదే నొప్పి మీద నడిస్తే మాత్రం వారాల్లో తగ్గాల్సింది ఏడాది దాకా లాగొచ్చు.

ఆ అర కిలో కూడా పోకుండా ఏం చేయాలి? ఆమె ఇంట్లో కూతురికి స్కూల్లో ఇచ్చిన సైకిల్ ఉంది. 25 నిమిషాలు మెల్లగా సైకిల్ తొక్కితే ఆమెకు సుమారు 115 క్యాలరీలు ఖర్చవుతాయి. సైకిల్ మీద ఒంటి బరువు సీటు మోస్తుంది, మడమ మోయదు. కాకపోతే పెడల్ మీద కాలి వేళ్లు కాదు, పాదం మధ్య భాగం పెట్టాలి. వేళ్లతో తొక్కితే పిక్క బిగుసుకొని పట్టీని లాగుతుంది. సైకిల్ రాని వాళ్లు పాదం మీద బరువు పడని పనులే పెంచుకోవచ్చు.

మిగతా 15 నిమిషాలు ఆమె కుర్చీలో కూర్చొని చేసింది. చేతుల్లేని గట్టి కుర్చీ చాలు. ఒక నిమిషం మోకాళ్లు ఒకటి తర్వాత ఒకటి పైకెత్తాలి. తర్వాతి నిమిషం లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకొని ముందుకు, పైకి గుద్దినట్టు చాచాలి. మూడో నిమిషం కాలు ముందుకు చాపి దించాలి. ఇలా ఐదు చుట్లు తిరగాలి. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం రావాలి. అలా చేస్తే ఇంకో 45 క్యాలరీల దాకా వస్తాయి. మొత్తం మళ్లీ 160. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి.

ఇంకో మాట. ఈ 160 క్యాలరీలు ఒక చిన్న కప్పు అన్నంతో సమానం. సైకిల్ కుదరని రోజు ఆ కప్పు అన్నం తగ్గించి దాని బదులు ఆకుకూర, కూరగాయలు తింటే లెక్క సరిపోతుంది. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు అన్నం తగ్గించే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

ఇక నొప్పి తగ్గించే పని. మంచం దిగకముందే నొప్పి ఉన్న కాలిని రెండో కాలి మోకాలి మీద వేసుకోండి. చేత్తో కాలి వేళ్లను పైకి, మీ వైపుకు వంచండి. అరికాలి పట్టీ తాడులా బిగుసుకోవడం రెండో చేతికి తెలుస్తుంది. 10 లెక్కపెట్టి వదలండి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. తర్వాత గోడకు చేతులు ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి, 30 సెకన్లు పిక్క సాగదీయండి. ఇది మూడుసార్లు. ఇంట్లో వట్టి కాళ్లతో గచ్చు మీద తిరగకండి. కాస్త మందం, మడమ కింద మెత్తదనం ఉన్న చెప్పుల జత ఒకటి ఇంట్లో వాడుకోవడానికి ఉంచుకోండి. ఆమె బడిలో పొయ్యి దగ్గర గోనెసంచి నాలుగు మడతలు వేసి దాని మీద నిలబడేది. సాయంత్రం నీళ్ల సీసాను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, పలచని గుడ్డ చుట్టి, అరికాలి కింద పది నిమిషాలు దొర్లించేది.

ఆరు వారాలకు ఆమెకు పొద్దున మొదటి అడుగు నొప్పి పదికి ఏడు నుంచి మూడుకు వచ్చింది. అప్పుడు మట్టి దారి మీద 10 నిమిషాల నడక మొదలుపెట్టించాం. వారానికి 5 నిమిషాలే పెంచాలి. పెంచిన మర్నాడు మొదటి అడుగు చూడాలి. ముందు రోజు కన్నా నొప్పి ఎక్కువైతే ఒక మెట్టు వెనక్కి రావాలి. అందరికీ ఆరు వారాల్లోనే తగ్గదు. కొందరికి నెలలు పడుతుంది.

మడమలో వేసే స్టెరాయిడ్ ఇంజక్షన్ నొప్పిని కొన్ని వారాలు ఆపుతుంది. మళ్లీ మళ్లీ వేయించుకుంటే పట్టీ తెగే ప్రమాదం ఉంది. నొప్పి పోయింది కదా అని వెంటనే నడక పెంచొద్దు.

కొన్ని గుర్తులు ఉంటే మాత్రం ఇవన్నీ ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పడుకున్నా నొప్పి తగ్గకపోవడం, మడమ వాచి ఎర్రబడటం, జ్వరం, తిమ్మిరి, మడమను రెండు పక్కల నుంచి పిండితే బాగా నొప్పి, వేళ్ల కీళ్లు కూడా పొద్దున బిగుసుకోవడం. షుగర్ ఉండి పాదంలో స్పర్శ తగ్గినవాళ్లు ఐసు పెట్టొద్దు, ముందు పాదం చూపించుకోవాలి.

రేపు పొద్దున మంచం దిగేటప్పుడు మీ మొదటి అడుగు ఎలా ఉందో గమనించండి. నొప్పి ఉంటే గ్రామ సంఘం మీటింగులో చెప్పండి. కుర్చీ వ్యాయామం అక్కడే పది మంది కలిసి చేసుకోవచ్చు.