మూడు కోణాలు చెప్పే వైశాల్యం

కాగితం మీద గీసిన త్రిభుజంలో మూడు కోణాలూ తెలిసినంత మాత్రాన దాని వైశాల్యం చెప్పలేం. అరచేతిలో పట్టేదానికైనా ఊరంత పెద్దదానికైనా కోణాల మొత్తం 180 డిగ్రీలే. గ్లోబు మీద మాత్రం మొత్తం ఎప్పుడూ 180ని దాటుతుంది, ఎంత దాటిందో తెలిస్తే చాలు, వైశాల్యం తెలిసినట్టే. ఉత్తర ధ్రువం నుంచి 80, 81 డిగ్రీల తూర్పు రేఖాంశాలు భూమధ్యరేఖ దాకా దిగాయనుకోండి. కింద రెండు లంబకోణాలు, పైన ఒక డిగ్రీ, మొత్తం 181. ధ్రువం నుంచి ధ్రువానికి ఆ రెండు రేఖల నడుమ ఉన్నది నారింజ తొన లాంటి ముక్క, గోళంలో 360వ వంతు. మన త్రిభుజం అందులో సగం. అంటే ఒక డిగ్రీ అధికమైతే గోళంలో 720వ వంతు. భూమి ఉపరితలం సుమారు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు కాబట్టి, ఇది దాదాపు 7 లక్షల 8 వేలు.

ధ్రువం దగ్గర కుదిరింది గానీ ఏ త్రిభుజానికైనా కుదురుతుందా అని అడగవచ్చు. కుదురుతుంది, కానీ భుజాలు మహావృత్తాల ముక్కలై ఉండాలి, అంటే గోళాన్ని సరిగ్గా సగానికి కోసే వృత్తాలవి. భూమధ్యరేఖ తప్ప మిగతా అక్షాంశ రేఖలు ఇందుకు పనికిరావు. మూడు భుజాలనూ పూర్తి వృత్తాలుగా పొడిగిస్తే, ప్రతి శీర్షం దగ్గరా ఎదురెదురుగా రెండు తొనలు వస్తాయి. ఆ ఆరు తొనలూ కలిసి గోళాన్నంతా కప్పుతాయి. మన త్రిభుజాన్నీ, గోళానికి అవతలి వైపున్న దాని జంటనూ మాత్రం మూడేసి సార్లు, అంటే రెండేసి సార్లు అదనంగా కప్పుతాయి. గోళాన్ని 720 పాళ్లుగా లెక్కిస్తే, డిగ్రీ తొనకు 2 పాళ్లు, జంటకు 4. కాబట్టి కోణాల మొత్తానికి నాలుగు రెట్లు, 720కి త్రిభుజం వైశాల్యం నాలుగు రెట్లు కలిపినదానికి సమానం. నాలుగుతో భాగిస్తే, వైశాల్యం అంటే కోణాల మొత్తంలోంచి 180 తీసివేయగా మిగిలేదే. అల్బేర్ జిరార్ 1629లో దీన్ని అచ్చు వేయించాడు. అంతకుముందే, 1603లో, థామస్ హారియట్ కనుక్కున్నా ప్రచురించలేదు.

మరి మన పొలంలో కోణాలు 180కే ఎందుకు సరిపోతాయి? అధికం లేక కాదు, అది కంటికి ఆననంత చిన్నది. డిగ్రీలో 3600వ వంతైన ఒక సెకను అధికం రావాలంటే దాదాపు 197 చదరపు కిలోమీటర్ల నేల కావాలి. మద్రాసు నుంచి 1802లో లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వే వంటి పనుల్లో మాత్రం ఇది తప్పక లెక్కకొస్తుంది. భుజానికి 50 కిలోమీటర్లున్న త్రిభుజంలో అధికం దాదాపు ఐదున్నర సెకన్లు. అయితే కోణాల కొలతలో ఒక్క సెకను తప్పినా వైశాల్యంలో దాదాపు ఐదో వంతు పోతుంది. అందుకే సర్వేయర్లు దీన్ని తలకిందులుగా వాడారు. ముందు భుజాల నుంచి వైశాల్యం, దాని నుంచి ఉండవలసిన అధికం కట్టేవారు. కొలిచిన మొత్తం 180 డిగ్రీల ఐదున్నర సెకన్లకు ఎంత తేడాగా వచ్చిందో, అదే అసలు కొలత లోపం. దాన్ని మూడు కోణాలకూ పంచి సరిదిద్దేవారు. ఆ తర్వాత లెజాండ్ర్ చూపిన దారిలో ఒక్కో కోణం నుంచి అధికంలో మూడో వంతు తగ్గించి, మామూలు బల్లపరుపు త్రిభుజ సూత్రాలతోనే భుజాల పొడవు కట్టేవారు.