హిందీ ప్రశ్నలో ఆన్సర్ ఎలా లీక్ అవుతుంది?

రామతీర్థం నుంచి ఈరోజు ఒకే ప్రశ్న. మొక్కలో ఆహారం ఎక్కువగా ఏది తయారుచేస్తుంది? వేరు, కాండం, ఆకు, పువ్వు. తెలుగులో "చేస్తుంది" నాలుగింటికీ సరిపోతుంది.

హిందీలో "కౌన్ బనాతీ హై" అని రాశారనుకోండి. "బనాతీ" స్త్రీలింగం. తనా, ఫూల్ పుంలింగం, ఔట్. జడ్, పత్తీ మిగిలాయి. సైన్స్ రాకపోయినా గుడ్డిగా కొట్టే ఛాన్స్ 25 నుంచి 50 శాతానికి పెరిగింది. తిరిగి తెలుగులోకి మార్చి చూసినా ఈ తేడా కనపడదు.

"పౌధే కా కౌన్ సా భాగ్ భోజన్ బనాతా హై" అంటే సరి. క్రియ "భాగ్"ని బట్టి మారింది, నాలుగు ఆప్షన్లూ సమానం.

చెక్ చేయాలా? క్రియ ఏ పదాన్ని బట్టి మారిందో చూడండి. ఆ పదం ప్రశ్నలోనే ఉంటే ఓకే. ఆప్షన్లలో ఉంటే లీకే.