పావలా తగ్గించినందుకు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పై ఏళ్లు అర్థశాస్త్రం చెప్పాను. కాబట్టి మైకు ఇచ్చినవాళ్లకు తెలిసే ఉంటుంది, లెక్కలు చెప్పకుండా దిగనని. ఈరోజు చెప్పేది ఒకే ఒక్క లెక్క. అది నేను పుస్తకంలో చదవడానికి ముందే మా తాండూరు బజార్లో చూశాను. చూసినప్పుడు అర్థం కాలేదు.

మా నాయనకు తాండూరులో కిరాణా కొట్టు ఉండేది. రోడ్డుకు అవతల, సరిగ్గా ఎదురుగా ఇంకో కొట్టు. ఆ కొట్టాయనను నేను కాకా అని పిలిచేవాణ్ణి. వాళ్ల అబ్బాయి, నేను ఇక్కడ వికారాబాద్‌లో ఒకే తరగతి, ఒకే హాస్టల్. శనివారం సాయంత్రం ప్యాసింజర్ బండెక్కి ఇద్దరం ఇంటికి పోయేవాళ్లం. మేము తొమ్మిదిలో ఉండగా, వానకాలం మొదట్లో, కాక కందిపప్పు మీద కిలోకు పావలా తగ్గించాడు. మా నాయన మర్నాడే అర్ధరూపాయి తగ్గించాడు. "తాను తగ్గించినంక నేను ఊకుంటే గిరాకీ అంతా అటే పోతది" అన్నాడు. కాక ఇంకా దిగాడు. పప్పుతో మొదలైంది బియ్యానికి, నూనెకు పాకింది. దసరా నాటికి రెండు కొట్లూ కొన్న ధరకే అమ్ముతున్నాయి. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరికీ నోటిలెక్క బాగా వచ్చు. మరి ఇద్దరూ ఎట్లా నష్టపోయారు?

ఆ ప్రశ్నకు పేరుందని నాకు యూనివర్సిటీలో తెలిసింది. ఖైదీల సందిగ్ధం అంటారు. 1950లో అమెరికాలో ర్యాండ్ సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ అనే ఇద్దరు గణితవేత్తలు ఈ ఆటను తయారు చేశారు. దానికి ఖైదీల కథ తొడిగి పేరు పెట్టినవాడు ఆల్బర్ట్ టక్కర్ అనే ప్రొఫెసర్. కథ మీకు తెలిసే ఉంటుంది. ఇద్దరు దొంగలను పోలీసులు వేరువేరు గదుల్లో కూర్చోబెడతారు. ఇద్దరూ నోరు మూసుకుంటే ఇద్దరికీ చిన్న శిక్ష. ఒకడు చెప్పేసి రెండోవాడు మూసుకుంటే, చెప్పినవాడు ఇంటికి, మూసుకున్నవాడు చాలా ఏళ్లు లోపలికి. ఇద్దరూ చెప్పేస్తే ఇద్దరికీ మధ్యరకం శిక్ష. అవతలివాడు ఏం చేసినా తనకు చెప్పేయడమే మేలని ఎవరికి వారికి తోస్తుంది. చివరికి ఇద్దరూ చెప్పేస్తారు, ఇద్దరూ మూసుకుంటే పడే శిక్ష కంటే ఎక్కువ అనుభవిస్తారు.

ఇప్పుడు ఖైదీలను వదిలి కందిపప్పుకు వద్దాం. అంకెలు నేను సులువు కోసం పెట్టుకున్నవి. గంజ్‌లో పప్పు కిలో 140 రూపాయలకు పడుతుందనుకోండి. రెండు కొట్లూ 150కి అమ్ముతున్నాయి. బజారు మొత్తానికి రోజుకు 100 కిలోలు పోతుంది, చెరి 50 కిలోలు. కిలోకు 10 చొప్పున చెరి 500 రూపాయలు మిగులుతుంది.

ఒకాయన 147 చేస్తాడు. గిరాకీ అటు మళ్లుతుంది. అందరూ పోరు, ఉద్దెర ఖాతా ఉన్నవాళ్లు, మొహమాటస్తులు పాతచోటే ఉంటారు. 80 కిలోలు అటు, 20 ఇటు అనుకుందాం. తగ్గించినాయనకు కిలోకు 7 చొప్పున 560 మిగులుతుంది. తగ్గించనాయనకు 20 కిలోల మీద 200 మాత్రమే. రెండో ఆయన కూడా 147 చేస్తే గిరాకీ మళ్లీ చెరి సగమవుతుంది. 50 కిలోలు, కిలోకు 7, చెరి 350.

ఇప్పుడు మా నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూడండి. ఎదుటివాడు 150 దగ్గరే ఉంటే నాకు తగ్గించడం మేలు, 500 బదులు 560 వస్తుంది. ఎదుటివాడు తగ్గించినా నాకు తగ్గించడమే మేలు, 200 బదులు 350 వస్తుంది. ఎటు చూసినా తగ్గించడమే లెక్క. కాక కూడా అదే లెక్క వేస్తాడు. ఇద్దరి లెక్కా తప్పు కాదు. అయినా 500 వచ్చేచోట ఇద్దరూ 350 దగ్గర తేలతారు. పప్పు చవకైందని ఎవరూ రెండుపూటలా రెట్టింపు పప్పు తినరు కాబట్టి అమ్మకం పెరిగి ఆ లోటు పూడదు. ఎవరూ ఒంటరిగా మారి బాగుపడలేని ఇటువంటి స్థితినే నాష్ సమతౌల్యం అంటారు. జాన్ నాష్‌కు 1994లో నోబెల్ బహుమతి వచ్చింది ఈ కోవ పనికే.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. ఖైదీలు ఒక్కసారే ఆడతారు. కొట్లవాళ్లు రోజూ షట్టరు ఎత్తి ఆడతారు. రేపు అనేది ఉంటే లెక్క మారుతుంది. నేను ఇవాళ తగ్గించాను, 60 ఎక్కువ వచ్చింది. ఎదుటాయన రాత్రికే చూసి రేపు తగ్గించాడు. రేపు నాకు 500 బదులు 350, అంటే 150 తక్కువ. రెండు రోజులు కలిపి చూస్తే 90 నష్టం, ఆ తర్వాత రోజుకు 150 చొప్పున పోతూనే ఉంటుంది. అదే ఎదుటాయనకు పదిరోజుల దాకా తెలియలేదనుకోండి, నాకు 600 వచ్చేస్తుంది, అది కరగడానికి నాలుగు రోజులు పడుతుంది. అందుకే బోర్డు మీద రాసిన ధర కంటే చెవిలో చెప్పే తగ్గింపు ప్రమాదం. ఎంత ఆలస్యంగా బయటపడితే అంత ఆశ పుడుతుంది.

రోజూ ఆడే ఆటలో ఏ పద్ధతి నిలబడుతుందో చూద్దామని రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే రాజనీతి శాస్త్రవేత్త 1980 ప్రాంతంలో కంప్యూటర్ మీద పోటీ పెట్టాడు. నిపుణులు 14 ప్రోగ్రాములు పంపారు. గెలిచింది అన్నిటికంటే చిన్నది, అనటోల్ రాపపోర్ట్ పంపింది. మొదటిసారి మంచిగా ఉండు, తర్వాత ఎదుటివాడు నిన్న ఏం చేశాడో ఇవాళ నువ్వు అదే చెయ్యి. అంతే. రెండోసారి ఇంకా పెద్ద పోటీ పెట్టినా అదే గెలిచింది.

ఇది చదివిన రోజు నాకు సంతోషం కలగలేదు. ఎందుకంటే మా నాయన చేసింది సరిగ్గా అదే. తాను ముందు తగ్గించలేదు. ఎదుటివాడు తగ్గిస్తే తగ్గించాడు. గెలిచే పద్ధతే పాటించినవాడు ఎందుకు మునిగాడు?

జవాబు చాలా ఏళ్ల తర్వాత మా నాయన నోటనే విన్నాను. ఆ పావలా తగ్గింపు కొత్త పప్పు మీద కాదట. కాక దగ్గర రెండు బస్తాలు పురుగు పట్టే దశకు వచ్చాయి. వానకాలం ముదిరితే పారబోయాలి. అందుకని ఆ రెండు బస్తాలు వదిలించుకోవడానికి తగ్గించాడు. రోడ్డు ఇవతలినుంచి మా నాయనకు బోర్డే కనబడింది, బస్తా కనబడలేదు. యుద్ధం అనుకున్నాడు. మా నాయన అర్ధరూపాయి చూసి కాక నిజంగానే యుద్ధం అనుకున్నాడు.

రాపపోర్ట్ పద్ధతిలో ఉన్న లోపం ఇదే. ఇద్దరూ అదే పాటిస్తూ ఒక్కసారి ఒకరు ఒకరిని తప్పుగా అర్థం చేసుకుంటే, ఆ దెబ్బ ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతూనే ఉంటుంది. ఆపేవాడుండడు. తర్వాత పనిచేసినవాళ్లు దీనికి విరుగుడు కూడా చూపారు. ఒక్క దెబ్బకు బదులు ఇవ్వకు, వరుసగా రెండు పడితే ఇవ్వు. లేదా అప్పుడప్పుడు ఒకటి వదిలెయ్యి. మా నాయన వారం ఆగి ఉంటే ఆ రెండు బస్తాలు అయిపోయేవి, పాత ధర తిరిగి వచ్చేది. ఆ వారం ఆయనకు పోయేది కొద్ది గిరాకీ.

కాబట్టి కొట్టు నడిపే తమ్ముళ్లకు నేను చెప్పేది ఇది. ఎదుటివాడు ధర తగ్గిస్తే మొదట ఏమి తగ్గించాడో చూడండి. ఒక్క సరుకా, అన్నీనా? పాత సరుకా, కొత్తగా దిగిన సరుకా? పాత బస్తా అయితే ఆగండి. ఒకవేళ అతను మీకు 140కి పడే పప్పును 134కి తెస్తున్నాడనుకోండి, అప్పుడిది సమానుల మధ్య ఆట కాదు. 147కి అమ్మినా అతనికి కిలోకు 13 మిగులుతుంది. అతనితో ధరలో పోటీ పడితే మీరే పోతారు. మీరు కొనే చోటు మార్చుకోవాలి, లేదా శుభ్రమైన సరుకు, సరైన తూకం, ఇంటికి పంపడం లాంటి వాటిలో పోటీ పడాలి.

ఇంకొకటి. "అయితే ఇద్దరూ టీ తాగుతూ 150కి తగ్గకూడదని ఒప్పందం చేసుకుంటే పోలేదా?" అని వెనక బెంచీనుంచి ఎవరో అడగబోతున్నారు. పోతుంది, కానీ ఆ 500 కొనేవాళ్ల జేబులోంచే వస్తుంది. పోటీదారులు కూడబలుక్కుని ధర కట్టడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం నేరుగా నిషేధం. పైన చెప్పిన ఖైదీలు కూడా దొంగలే కదా, వాళ్లిద్దరూ కలిసి నోరు మూసుకోవడం మనకు మంచిది కాదు. పోటీ ఉండాలి. అపార్థంతో మొదలైన పోటీ ఉండకూడదు.

తర్వాత ఏమైందో చెప్పి ముగిస్తాను. సంక్రాంతికల్లా కాక గంజ్ బాకీలు కట్టలేక కొట్టు మూసేశాడు. మా నాయన గెలిచాడని బజారంతా అన్నది. ఆయన దగ్గర మా అక్క పెళ్లికి దాచిన డబ్బు మిగలలేదు. ఏడాది తిరగకుండానే ఎదురుగా అదే గదిలో ఇంకొకాయన కొట్టు తెరిచాడు.

ఈ సంచికలో మా పదో తరగతి ఫోటో వేశారు. మూడో వరుసలో నేనున్నాను. నా పక్కన ఉండాల్సినవాడు లేడు. తొమ్మిది మధ్యలోనే బడి మానేసి, నాపరాయి పాలిష్ యూనిట్‌లో పనికి చేరాడు. ఆ తర్వాత శనివారం బండిలో నేనొక్కణ్ణే ఇంటికి పోయాను. ఈ సభకు రమ్మని వాణ్ణి పిలవడానికి పోయినెల తాండూరు వెళ్లాను. "నేను పాస్ కాలేదు కదరా, పూర్వ విద్యార్థిని ఎట్లయిత?" అన్నాడు. మన సంఘం నిబంధనల్లో పాసైనవాళ్లే సభ్యులని ఎక్కడా లేదని కార్యదర్శి గారు నిన్న చూసి చెప్పారు. వాడు వచ్చాడు. చివరి వరుసలో కూర్చున్నాడు. సభ అయ్యాక ఇద్దరం ఒకే బండిలో పోతున్నాం.