మూడో రోజే పీ-వాల్యూ 0.037 వచ్చింది, లాంచ్ చేసేద్దామా? | ఏ/బీ టెస్టింగ్ ఇంటర్వ్యూ ప్రశ్న

డేటా సైన్స్ ఇంటర్వ్యూ సిరీస్‌లో ఈ రోజు ఏ/బీ టెస్టింగ్. పది ప్రశ్నలు గబగబా చదివేసి వెళ్ళిపోవడం కాకుండా, ఒకే ఒక్క ప్రశ్న తీసుకుని దాన్ని చివరిదాకా లాగుదాం. ఎందుకంటే శాంపిల్ సైజ్, సిగ్నిఫికెన్స్, అందరూ చేసే తప్పులు, ఇవన్నీ ఈ ఒక్క ప్రశ్నలోనే దాక్కుని ఉన్నాయి.

ప్రశ్న ఇది. ఒక ఫుడ్ ఆర్డరింగ్ యాప్ ఉందనుకోండి. పేమెంట్ పేజీకి వచ్చిన ప్రతి 100 మందిలో 10 మందే ఆర్డర్ పూర్తి చేస్తున్నారు. టీమ్ కొత్త పేజీ తయారుచేసింది. సగం మందికి పాత పేజీ, అంటే ఏ. సగం మందికి కొత్త పేజీ, అంటే బీ. టెస్ట్ 14 రోజులు నడపాలని ప్లాన్. మూడో రోజు సాయంత్రం ప్రొడక్ట్ మేనేజర్ మీ డెస్క్ దగ్గరికి వచ్చి, "బీ గెలిచేసింది కదా, పీ-వాల్యూ 0.037 చూపిస్తోంది, 0.05 కంటే తక్కువే కదా, రేపు అందరికీ లాంచ్ చేసేద్దామా?" అని అడిగారు. మీరేమంటారు?

నేను తీసుకునే మాక్ ఇంటర్వ్యూల్లో చాలామంది ఇక్కడే "యెస్, స్టాటిస్టికల్లీ సిగ్నిఫికెంట్" అనేస్తారు. ఇంకొంతమంది "లేదండీ, 14 రోజులు ఆగాలి" అంటారు. రెండోది సరైన సమాధానమే, కానీ "ఎందుకు ఆగాలి?" అని ఇంకో ప్రశ్న వేస్తే సైలెంట్ అయిపోతారు. ఇంటర్వ్యూయర్‌కి కావాల్సింది ఆ "ఎందుకు" ఒక్కటే.

ముందు 14 రోజులు అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. శాంపిల్ సైజ్ కావాలంటే మొదట వ్యాపారం వైపు నుంచి ఒక నిర్ణయం కావాలి: ఎంత తేడా ఉంటే మనకు పట్టించుకునేంత విలువ ఉంటుంది? ఇక్కడ టీమ్ 10 శాతం నుంచి 11 శాతానికి పెరిగితే చాలు అనుకుంది. అంటే ఒక పర్సెంటేజ్ పాయింట్. ఇక్కడ చిన్న జాగ్రత్త. ఇంటర్వ్యూయర్ "10 పర్సెంట్ పెరగాలి" అంటే, 10 నుంచి 11కా, లేక 10 నుంచి 20కా అని అప్పటికప్పుడే అడిగేయండి. దీన్ని పొరపాటుగా అర్థం చేసుకుంటే తర్వాత లెక్క మొత్తం పోతుంది.

ల్యాప్‌టాప్ లేకుండా బోర్డు మీద వేయడానికి ఒక షార్ట్‌కట్ ఉంది:

```
n = 16 * p * (1 - p) / d^2
n = 16 * 0.10 * 0.90 / 0.01^2 = 14400
```

ఇది ఒక్కో గ్రూప్‌కి. ఈ 16 ఆకాశం నుంచి ఊడిపడలేదు. 5 శాతం సిగ్నిఫికెన్స్‌కి 1.96, 80 శాతం పవర్‌కి 0.84. ఆ రెండూ కలిపి, స్క్వేర్ చేసి, గ్రూపులు రెండు కాబట్టి రెండుతో గుణిస్తే 15.68. దాన్నే 16 అంటాం. 80 శాతం పవర్ అంటే, నిజంగా ఒక పాయింట్ తేడా ఉంటే మన టెస్ట్ దాన్ని 100కి 80 సార్లు పట్టుకుంటుంది అని. ఫుల్ ఫార్ములాతో వేస్తే 14,700 దాకా వస్తుంది, కానీ ఇంటర్వ్యూలో ఈ షార్ట్‌కట్ చాలు. ఆ 16 ఎలా వచ్చిందో చెప్పగలిగితే ఇంకా మంచిది.

రెండు గ్రూపులకి కలిపి 28,800 మంది. పేమెంట్ పేజీకి రోజుకి సుమారు 2,060 మంది వస్తున్నారు అనుకుంటే 14 రోజులు. సరిగ్గా రెండు వారాలు రావడం కూడా మంచిదే. ఆదివారం రాత్రి బిర్యానీ ఆర్డర్ చేసేవాళ్ళు, మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో లంచ్ ఆర్డర్ చేసేవాళ్ళు ఒకేలా ప్రవర్తించరు. అందుకే లెక్కలో 11 రోజులు వచ్చినా నేనైతే రెండు పూర్తి వారాలు నడుపుతాను.

ఇక్కడ ఫాలో-అప్ ఒకటి గ్యారంటీగా వస్తుంది: "ఒక పాయింట్ కాదు, అర పాయింట్ తేడా పట్టుకోవాలంటే?" డబుల్ అనకండి. తేడా స్క్వేర్‌లో ఉంది కాబట్టి సగం తేడాకి నాలుగు రెట్లు, అంటే గ్రూప్‌కి 57,600 మంది కావాలి. రెండు వారాల టెస్ట్ ఎనిమిది వారాలు అవుతుంది. చిన్న యాప్‌లు చిన్న చిన్న మార్పులని టెస్ట్ చేయలేకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మూడో రోజుకి వద్దాం. ఒక్కో గ్రూప్‌లో 3,090 మంది వచ్చారు. ఏలో 309 ఆర్డర్లు, అంటే 10 శాతం. బీలో 360, అంటే 11.65 శాతం. లెక్క వేస్తే జెడ్ 2.09, పీ-వాల్యూ 0.037. మేనేజర్ చెప్పిన నంబర్ కరెక్టే. తప్పు ఆ నంబర్‌ని చదివే పద్ధతిలో ఉంది.

పీ-వాల్యూ 0.037 అంటే "బీ మెరుగ్గా ఉండే అవకాశం 96.3 శాతం" అని కాదు. ఇంటర్వ్యూల్లో ఎక్కువగా వినపడే తప్పు సమాధానం ఇదే. నిజానికి దాని అర్థం ఇది: ఏకి, బీకి అసలు తేడా ఏమీ లేదు అనుకుందాం. అలాంటప్పుడు కూడా, కేవలం ఎవరు ఏ గ్రూప్‌లో పడ్డారు అనే అదృష్టం వల్ల, ఇంత తేడా గానీ ఇంతకంటే ఎక్కువ గానీ కనబడే అవకాశం 3.7 శాతం. అంతే. బీ గురించి నేరుగా అది ఏమీ చెప్పదు.

ఇంకో విషయం. ఆ 5 శాతం గీత ఒక షరతు మీద పనిచేస్తుంది: ముందే అనుకున్న శాంపిల్ పూర్తయ్యాక, ఒక్కసారే చూడాలి. రోజూ డాష్‌బోర్డ్ తెరిచి, ఏ రోజు 0.05 కిందకి దిగితే ఆ రోజే ఆపేస్తే ఆ షరతు పోయినట్టే. గల్లీ క్రికెట్ గుర్తుందా? టాస్ ఓడిపోతే "మూడింట్లో రెండు" అంటాం. అదీ ఓడితే "అయిదింట్లో మూడు". గెలిచిన క్షణంలో మాత్రం ఆపేస్తాం. అలా ఆడితే టాస్ గెలిచే అవకాశం యాభై శాతం దగ్గర ఆగుతుందా? రోజూ పీ-వాల్యూ చూసి, నచ్చినప్పుడు ఆపడం కూడా అంతే. దీన్నే పీకింగ్ అంటారు.

ఎంత దెబ్బ పడుతుందో మీరే రన్ చేసి చూడండి. ఇందులో రెండు పేజీలకీ 10 శాతమే ఇచ్చాను, అంటే నిజమైన తేడా సున్నా. టెస్ట్‌ని పది సమాన భాగాలు చేసి, పదిసార్లు చూస్తున్నాం.

```python
import numpy as np
rng = np.random.default_rng(1)
n = 1440 * np.arange(1, 11)
hits = 0
for _ in range(2000):
    a = rng.binomial(1440, 0.10, 10).cumsum()
    b = rng.binomial(1440, 0.10, 10).cumsum()
    p = (a + b) / (2 * n)
    z = (b - a) / n / np.sqrt(2 * p * (1 - p) / n)
    hits += (abs(z) > 1.96).any()
print(hits / 2000)
```

0.05 రావాల్సిన చోట 0.19 దగ్గర్లో వస్తుంది. అంటే అసలు తేడాయే లేని టెస్టుల్లో దాదాపు అయిదింట్లో ఒకటి "తేడా దొరికింది" అని అబద్ధం చెబుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. క్లినికల్ ట్రయల్స్ చేసే స్టాటిస్టిషియన్లు 1960ల్లోనే ఈ లెక్కలు వేసిపెట్టారు.

"సరే, కానీ మధ్యలో చూడకుండా ఉండలేం కదా?" అని ఇంటర్వ్యూయర్ అడిగితే, అది మీకు దొరికిన ఫ్రీ హిట్. చూడొచ్చు, కానీ ఎన్నిసార్లు చూస్తామో ముందే నిర్ణయించుకుని, గీతని కఠినం చేయాలి. పోకాక్ అనే స్టాటిస్టిషియన్ 1977లో ఇచ్చిన పద్ధతి ప్రకారం, పదిసార్లు చూడాలంటే ప్రతిసారీ 0.05 బదులు సుమారు 0.0106 గీత పెట్టుకోవాలి. అప్పుడు మొత్తం మీద తప్పు 5 శాతం దగ్గరే ఉంటుంది. మన 0.037 ఆ గీత దాటలేదు. అయితే ఒక మినహాయింపు: బీలో పేమెంట్లు ఫెయిల్ అవుతున్నా, యాప్ క్రాష్ అవుతున్నా పీ-వాల్యూ కోసం ఆగకండి, వెంటనే ఆపేయండి. నష్టం ఆపడానికి చూడటం వేరు, గెలుపు ప్రకటించడానికి చూడటం వేరు.

మేనేజర్‌ని ఒప్పించాం, 14 రోజులు నడిపాం అనుకోండి. ఇప్పుడు ఒక్కో గ్రూప్‌లో 14,400 మంది. ఏలో 1,440 ఆర్డర్లు, 10 శాతం. బీలో 1,500, అంటే 10.42 శాతం. పీ-వాల్యూ 0.24. మూడో రోజు 1.65 పాయింట్లుగా కనబడిన తేడా 0.42కి తగ్గిపోయింది. శాంపిల్ చిన్నగా ఉన్నప్పుడు గీత దాటాలంటే తేడా పెద్దగా కనబడి తీరాలి. మూడో రోజు 3,090 మందితో 0.05 దాటాలంటే కనీసం ఒకటిన్నర పాయింట్లు కనబడాల్సిందే. అందుకే తొందరగా ఆపిన టెస్టుల్లో కనబడే లాభం అసలు కంటే పెద్దగా ఉంటుంది. లాంచ్ అయ్యాక "అంత లాభం ఎక్కడికి పోయింది?" అని మీటింగ్ పెట్టేది ఇందుకే. బీ కొత్తగా ఉంది కాబట్టి మొదట్లో ఎక్కువ మంది నొక్కారు, తర్వాత మామూలైపోయింది అనేది కూడా ఒక కారణం కావచ్చు. దాన్ని చూడాలంటే యాప్‌కి కొత్తగా వచ్చినవాళ్ళని, పాతవాళ్ళని విడగొట్టి చూడాలి.

ఇప్పుడు ఆఖరి ట్రాప్. "0.24 వచ్చింది కాబట్టి రెండు పేజీలూ ఒకటే అని చెప్పొచ్చా?" చెప్పకూడదు. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ వేస్తే మైనస్ 0.28 నుంచి ప్లస్ 1.12 పాయింట్ల దాకా వస్తుంది. సున్నా అందులో ఉంది, మనం కోరుకున్న ఒక పాయింట్ కూడా అందులోనే ఉంది. కొంచెం నష్టం కూడా ఉంది. నేనైతే ఇలా చెప్తాను: "ఒక పాయింట్ లాభం ఉందని ఈ డేటా చూపించలేదు, పూర్తిగా కొట్టిపారేయనూ లేదు. కొత్త పేజీని మెయింటైన్ చేయడానికి ఖర్చు ఉంటే లాంచ్ వద్దు. ఖర్చేమీ లేకపోతే, ఆ చిన్న నష్టం రిస్క్ తీసుకోవాలా వద్దా అన్నది బిజినెస్ నిర్ణయం." ఇంటర్వల్‌తో మాట్లాడేవాళ్ళు తక్కువమంది ఉంటారు, అందుకే ఈ సమాధానం గుర్తుండిపోతుంది.

ఒక్కటి మిగిలింది. నిజానికి రిజల్ట్ చూడకముందే చేయాల్సిన పని ఇది. గ్రూపుల్లో ఎంతమంది పడ్డారో లెక్కపెట్టండి. సగం-సగం అనుకున్నప్పుడు ఏలో 14,700, బీలో 14,100 వస్తే? చూడ్డానికి 51, 49 శాతాలే, "దగ్గరగానే ఉందిలే" అనిపిస్తుంది. కానీ 28,800 మందిని నాణెం ఎగరేసి పంచితే ఇంత తేడా రావడం పదివేలకి నాలుగు సార్లే. అంటే అదృష్టం కాదు, ఎక్కడో బగ్ ఉంది. బీ పేజీ మెల్లగా లోడ్ అవుతోందేమో, లాగ్ రికార్డ్ అయ్యేలోపే స్లో నెట్ ఉన్నవాళ్ళు వెళ్ళిపోతున్నారేమో. అప్పుడు బీలో మిగిలింది మంచి ఫోన్, మంచి నెట్ ఉన్నవాళ్ళు. వాళ్ళు ఎలాగూ ఎక్కువ ఆర్డర్ చేస్తారు, బీ గెలిచినట్టు కనబడుతుంది. ఇలాంటప్పుడు పీ-వాల్యూ ఎంత అందంగా ఉన్నా ఆ టెస్ట్‌ని పక్కన పెట్టి, బగ్ సరిచేసి, మళ్ళీ మొదటి నుంచి నడపాలి.

ఆ కోడ్‌లో `10`లు రెండు ఉన్నాయి కదా, `0.10` కాకుండా. రెండు చోట్ల `10`ని `5` చేసి, `11`ని `6` చేసి, `1440`లన్నీ `2880` చేసి రన్ చేయండి. అయిదుసార్లే చూస్తే 0.14 దగ్గర్లో రావాలి. మీకెంత వచ్చిందో కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒకేసారి ఇరవై మెట్రిక్స్ చూస్తే ఏమవుతుందో చూద్దాం. ఉంటానండీ.