కొర్ర బియ్యం పట్నానికి పంపేటప్పుడు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో కొనుగోలు - అమ్మకాల కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



మన కొర్రలు పట్నంవాళ్లకు ఫోను ద్వారా, ఆన్‌లైను ద్వారా నేరుగా అమ్ముతున్నాం. మొదటి ఆర్డరు ఫొటో చూసి వస్తుంది. రెండో ఆర్డరు మాత్రం ప్యాకెట్టు విప్పి, వండుకుని తిన్నాకనే వస్తుంది. అందుకని ఈరోజు ఆ ప్యాకెట్టు గురించే మాట్లాడతాం.

పట్నంనుంచి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు పురుగు. దీనికి కారణం తెలిస్తే పని సులువు. పొట్టుతో ఉన్న కొర్ర బాగా ఎండితే ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది, మన పెద్దవాళ్లు గాదెల్లో దాచింది అలాగే. పొట్టు తీశాక ఆ కాపు పోతుంది. పాలిష్ పట్టని బియ్యం మీద తవుడు ఉంటుంది, అందులో నూనె ఉంటుంది. అది గాలి తగిలి ముక్కిన వాసన వస్తుంది. లక్కపురుగుకీ అదే తిండి. గింజలు దారాలతో అల్లుకుని గూడు కట్టినట్టు కనబడితే లోపల పురుగు పడినట్టే.

కాబట్టి మొదటి నియమం: నిలవ గింజగానే పెట్టాలి, ఆర్డర్లు చూసుకుని వారానికి సరిపడానే మిల్లు పట్టించాలి. ఒకేసారి పది క్వింటాళ్లు ఆడించి పెట్టుకుంటే అమ్ముడయ్యేలోపే చెడుతుంది.

ఎండబెట్టడం కూడా చూసుకోవాలి. పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, చెంచాడు పొడి ఉప్పు వేసి బాగా ఆడించండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజ ఇంకా పచ్చిగా ఉన్నట్టే, మళ్లీ ఎండెయ్యాలి. అంటుకోకపోయినా అంతటితో సరిపెట్టుకోకండి. సమాఖ్య దగ్గరున్న తేమ మీటరులో 12 శాతం లోపు చూపించాకనే మూట కట్టండి.

ఇక గ్రేడింగు. వేరు వేరు ఊళ్ల గింజ కలిపి మిల్లులో పొయ్యొద్దు. లావు గింజకు సరిపెట్టిన మిషనులో సన్నగింజ పొట్టు ఊడకుండా జారిపోతుంది. మిల్లు నుంచి వచ్చాక జల్లెడ పట్టి నూకలు తియ్యాలి, చాటలో చెరిగి పొట్టు తియ్యాలి. తర్వాత ప్రతి మూట నుంచీ 100 గ్రాములు తీసి నల్లగుడ్డ మీద పరవండి. పొట్టు గింజలు పది దాటితే ఆ మూట మళ్లీ మిషనుకు పోవాలి. ఒక గ్లాసు బియ్యం నీళ్లలో గాలించి చూడండి, అడుగున ఒక్క రాయి తగిలినా మూట మొత్తం మళ్లీ రాళ్లు తీయాల్సిందే. పట్నంలో గాలించి వండేవాళ్లు తక్కువ.

ప్యాకింగులో గాలి తీసిన కవరు ఇటుకలా గట్టిగా ఉండాలి. ప్యాక్ చేసిన రోజే పంపకుండా ఒక రాత్రి ఉంచండి. పొద్దున్నకి మెత్తబడ్డ కవరు ఎక్కడో లీకవుతున్నట్టు, దాన్ని విప్పి మళ్లీ కట్టాలి. కవరు మీద బరువు, ధర, ప్యాకింగు తేదీ, గడువు, చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరుతో పాటు బ్యాచి నంబరు ఉండాలి. హైదరాబాదునుంచి ఎవరైనా పురుగు ఫొటో పంపితే, ఆ నంబరుతోనే ఏ ఊరి మూట, ఏ రోజు ఆడించింది అని రిజిస్టరులో చూస్తాం. ప్రతి బ్యాచినుంచి ఒక ప్యాకెట్టు మన గదిలోనూ దాచాలి. నెలనెలా చూస్తూ ఉంటే గడువు ఎన్ని నెలలు వెయ్యాలో అదే చెబుతుంది.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకు సభ్యురాలికి కిలోకు 35 రూపాయలు ఇచ్చి 100 కిలోల గింజ కొన్నామనుకుందాం. 3,500 అయింది. మిల్లు ఖర్చు 400. బియ్యం 65 కిలోలు వచ్చి, బాగుచేశాక 62 మిగిలాయి. అంటే కిలో బియ్యం 63 రూపాయలు పడింది. కవరు, లేబులు, కూలి 15 కలిపితే 78. దీన్ని కొరియరుతో సహా కిలో 130కి అమ్ముతున్నామనుకోండి. ఒక్క కిలో ఆర్డరుకు కొరియరు, పెట్టె కలిపి 80 అయితే ఖర్చు 158. అంటే 28 రూపాయలు మన చేతినుంచి పోయాయి. అదే అయిదు కిలోలకు కొరియరు, పెట్టె 210 అయితే మొత్తం ఖర్చు 600, వచ్చేది 650. సభ్యురాలికి గింజ ధర, మనవాళ్లకు కూలి పోగా 50 మిగిలాయి. సరుకు ఒకటే, ధర ఒకటే. ఆర్డరు సైజులోనే లాభనష్టం ఉంది.

పెట్టె కూడా డబ్బులే. కొరియరువాళ్లు చాలామంది పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. అదీ, అసలు బరువూ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో రెండు కిలోలే పెడితే మూడు కిలోల డబ్బు కట్టాలి. సరుకుకు సరిపడే పెట్టె వాడితే ఆ బాధ ఉండదు.

అందుకే కమిటీ మీ ముందు పెడుతున్న తీర్మానం ఇది: కొరియరు ఆర్డరు అయిదు కిలోలకు తగ్గకూడదు. ఒక్క కిలో కావాలన్నవాళ్లకు మేళాల్లో, స్టాళ్లలో అమ్ముదాం. ప్రతి గ్రామ సంఘం తన గింజను విడిగా, ఊరి పేరు, కోత తేదీ రాసిన చీటీ కట్టి తేవాలి. చర్చించి ఆమోదించవలసిందిగా కోరుతున్నాం.