చూసినది, విన్నది, ఊహించినది



ఫిర్యాదుకు జతపరచే వాంగ్మూలం కోసం ఒక సోదరి మా వద్దకు వచ్చారు. "కక్షతో మా బావ దుకాణం తగలబెట్టారు" అన్నారు. "మీరు కళ్లారా చూసినదేమిటి?" అని అడిగాము. నిప్పు పెట్టడం ఆమె చూడలేదు. అందుచేత ఆమె మాటల్లోనే ఇలా రాశాము:

"ఇషా నమాజు తరువాత నేను మా మేడ మీద ఉన్నాను. దుకాణం వైపు నుండి ఇద్దరు పరుగెత్తడం చూశాను. ముఖాలు కనిపించలేదు. ఆ తరువాత పొగ చూశాను."

"కక్షతో" అన్నది ఊహ, తీసివేశాము. పొరుగామె చెప్పిన పేర్లను "ఫలానా ఆమె నాతో చెప్పారు" అని వేరుగా రాశాము. చూడనిది ఒక్కటి చేర్చినా, ఎదుటి వకీలు దానినే పట్టుకుని, చూసినదానిని కూడా శంకింపజేస్తారు. రాసినది చదివించుకుని, తప్పులు దిద్దించిన తరువాతనే సంతకం చేయాలి.